కబడ్డీ ఫైనల్ అయ్యాక జట్టుతో కెప్టెన్ మాట

అందరూ ఒక్క నిమిషం కూర్చోండి. మోకాలికి ఐసు పెట్టుకున్నవాళ్లు కాలు చాపుకునే ఉండండి, లేవక్కర్లేదు.

31-29. రెండు పాయింట్ల తేడాతో కప్పు పోయింది. బాధ ఉంది, లేదనను. కానీ స్కోరు షీటులో కనపడని పనులు చాలా జరిగాయి. వాటికి థాంక్స్ చెప్పాలి.

ముందుగా మన లెఫ్ట్ కార్నర్‌కి. సెమీస్‌లో 25-26, కోర్టులో మనవాళ్లు ముగ్గురే. అవతలివాడిది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే ఔటే. మామూలుగా అలాంటప్పుడు కంగారుపడి ముందే దూకేస్తాం, వాడు చేయి తగిలించి వెళ్లిపోతాడు. నువ్వు దూకలేదురా. వాడి కాలు లోపలికొచ్చేదాకా ఆగి మడమ పట్టావు. నువ్వు పట్టిన మరుక్షణం కవర్ అన్న నడుం మీదికొచ్చాడు. అన్నా, నువ్వు అర సెకను ఆలస్యమైతే వాడు మధ్యగీత అందుకునేవాడు. సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు, 27-26. ఫైనల్‌కి వచ్చామంటే ఆ పట్టువల్లే.

తొలి మ్యాచ్‌లో ఇద్దరం టచ్ కాకముందే లాబీలో కాలు పెట్టి ఊరికే ఔటయ్యాం. ఆ తర్వాత ఒక్కరం కూడా ఆ తప్పు చేయలేదు. ప్రతి కూతకీ ముందు "లాబీ, లాబీ" అని వెనకనుంచి అరిచిన రైట్ కార్నర్‌కి గొంతు పోయింది పాపం, ఇప్పుడు చేయి ఊపుతున్నాడు చూడండి.

ఇక బెంచీ మీద ఉన్న ఐదుగురు. మీలో ఇద్దరికి ఒక్క నిమిషం కూడా ఆట దొరకలేదు, అది నా నిర్ణయం. అయినా ఎవరు ఏ వరుసలో ఔటయ్యారో అట్టముక్క మీద రాసుకుంటూ కూర్చున్నారు. క్వార్టర్స్‌లో స్కోరర్ వరుస తప్పి మూడోవాణ్ణి లోపలికి పంపబోతే, ముందు ఔటైంది మన మెయిన్ రైడర్ అని ఆపింది మీరే. వాడు లోపలికొచ్చి వరుసగా రెండు కూతల్లో మూడు పాయింట్లు తెచ్చాడు. అందులో సగం మీవే.

ఫైనల్లో నా తప్పు ఒకటుంది. అవతల ఐదుగురే ఉన్నారు, నేను లెక్కపెట్టుకోకుండా బోనస్ గీత దాటి వచ్చాను. ఆరుగురుంటేనే బోనస్ అని మీకు రోజూ చెప్పేది నేనే! కూత ఖాళీగా పోయింది. దాని గురించి ఒక్కడూ నన్ను ఏమీ అనలేదు. వెనక్కి రాగానే చెయ్యి పట్టి చైనులో నిలబెట్టారు. థాంక్స్ రా.

జెర్సీలు ఉతికి ఆదివారంలోగా ఇచ్చేయండి. చీలమండ బెణికినవాళ్లు వాపు తగ్గేదాకా ప్రాక్టీసుకి వచ్చినా గీత బయటే. మిగతావాళ్లం సోమవారం ఐదింటికి, ముందు బోనస్ లెక్క నాకు నేర్పుదురుగాని.