పడవ లెక్క ఫెయిర్ కాపీ

తమ్ముడూ,

నీ రఫ్ పేజీ ఫొటో చూశాను. జవాబు 2 సరిగ్గానే వచ్చింది. కానీ 480 మార్జిన్‌లో ఉంది, అక్కణ్ణుంచి బాణం పైకి పోయింది, చివరి 2 ఓ మూలన సున్నాలో ఉంది. పేపర్ దిద్దేవాళ్ళు ఆ బాణం పట్టుకుని వెతకరు. అందుకే నీ లెక్కనే వరసగా రాశాను. బోర్డు పరీక్షలో నువ్వు మరాఠీలో రాసినా వరస ఇదే.

ప్రశ్న: నిలకడ నీటిలో గంటకు 10 కి.మీ. వేగంతో పోయే పడవ ప్రాణహితలో 24 కి.మీ. ఎదురు ప్రవాహంలో వెళ్ళి, అదే దూరం ప్రవాహం వెంట తిరిగొచ్చింది. రానుపోను 5 గంటలు పట్టింది. ప్రవాహ వేగం ఎంత?

సాధన:

1. ప్రవాహ వేగం గంటకు x కి.మీ. అనుకుందాం. (0 < x < 10)

2. ఎదురు ప్రవాహంలో పడవ వేగం = (10 − x) కి.మీ./గం.
ప్రవాహం వెంట పడవ వేగం = (10 + x) కి.మీ./గం.

3. కాలం = దూరం ÷ వేగం. మొత్తం కాలం 5 గంటలు కాబట్టి,
24/(10 − x) + 24/(10 + x) = 5

4. రెండు వైపులా (10 − x)(10 + x) తో గుణించగా,
24(10 + x) + 24(10 − x) = 5(10 − x)(10 + x)

5. 240 + 24x + 240 − 24x = 5(100 − x²)
480 = 5(100 − x²)
96 = 100 − x²
x² = 4

6. x = 2 లేదా x = −2
వేగం రుణాత్మకం కాదు కాబట్టి x = −2 ను వదిలేస్తాం.

7. సరిచూడటం: 24/8 + 24/12 = 3 + 2 = 5 గంటలు.

జవాబు: ప్రవాహ వేగం గంటకు 2 కి.మీ.

మూడో మెట్టు దగ్గర కాస్త ఆగు. నువ్వు 24/10 − x అని రాశావు. బ్రాకెట్ లేకపోతే దాని అర్థం 2.4 − x. నీ మనసులో ఉన్నది వేరు, కాగితం మీద పడింది వేరు. తర్వాత మెట్లో మళ్ళీ సరిగ్గా గుణించావు కాబట్టి నీకు తెలుసని నాకు అర్థమైంది. నీ ముఖం ఎరగనివాళ్ళకి అర్థం కాదు.

మొదటి మెట్టులో x < 10 అన్నది ఊరికే పెట్టలేదు. ప్రవాహం 10 గానీ అంతకు మించి గానీ ఉంటే పడవ ఎదురు వెళ్ళనే లేదు. నీ రఫ్‌లో −2 ఊసే లేదు. వర్గమూలం రెండు విలువలు ఇస్తుంది, ఒకటి ఎందుకు వదిలేశావో ఆ ఒక్క వాక్యం తప్పక రాయాలి. ఏడో మెట్టు టైం లేకపోతే మానేయొచ్చు, ఆరోది మాత్రం మానకు.

సమాన గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టు. కొట్టివేత వస్తే ఒక్క గీత చాలు.

ఇప్పుడు మొత్తం సమయం 5 గంటలకు బదులు 6 గంటల 40 నిమిషాలు పెట్టి, చూడకుండా రాసి రేపు సాయంత్రంలోగా ఫొటో పంపు. 6 గంటల 40 నిమిషాలంటే 20/3 గంటలు.

అక్క