ఎయిర్ రిసీవర్ హైడ్రో టెస్ట్ సర్టిఫికెట్: తెలుగు అనువాదం, మిల్లు కాపీ

అన్నా, సార్టెక్స్ కంప్రెసర్ పక్కన పెడుతున్న కొత్త ట్యాంకు సర్టిఫికెట్ మొత్తం తెలుగులో పెట్టాను, రెండు పేజీలూ. కంప్రెసర్ రూమ్ గోడకు అంటించే కాపీ అన్నారు కాబట్టి పేర్లు, సంతకాలు తీసేసి హోదాలు మాత్రమే ఉంచాను, అంకెలు మాత్రం ఒక్కటీ కదపలేదు, రౌండ్ చేయలేదు, బార్‌లోకో పీఎస్ఐలోకో మార్చలేదు. మధ్యలో "అనువాదకుడి మాట" అని ఉన్నవి నావి, అవి అసలు కాగితంలో లేవు. ఆఫీసు ఫైల్లో పెట్టే కాపీ ప్రింట్ తీసేటప్పుడు అవి తీసేయండి, గోడ కాపీలో ఉంచండి, ఆపరేటర్లు చదవాల్సింది ఎక్కువ ఆ మాటల్లోనే ఉంది. ఈ అనువాదానికీ ఇంగ్లిష్ మూలానికీ తేడా వస్తే మూలానిదే చెల్లుబాటు.

హైడ్రోస్టాటిక్ పరీక్ష ధ్రువపత్రం

ధ్రువపత్రం సంఖ్య: 2418/03/02
ధ్రువపత్రం తేదీ: 13.02.2025
తయారీదారు: ఫ్యాబ్రికేషన్ షాప్, జీడిమెట్ల పారిశ్రామికవాడ, హైదరాబాద్
కొనుగోలుదారు: రైస్ మిల్లు, మిర్యాలగూడ
పీడన పాత్ర: నిలువు ఎయిర్ రిసీవర్, ఘనపరిమాణం 2.0 మీ³
తయారీ క్రమసంఖ్య: 2418/03
తయారీ కోడ్: ఏఎస్ఎంఈ సెక్షన్ 8, డివిజన్ 1, 2023 ఎడిషన్
కోడ్ స్టాంప్: లేదు

అనువాదకుడి మాట: కోడ్ ప్రకారం కట్టడం వేరు, స్టాంప్ ఉండటం వేరు. ఆ వరస మూలంలో "లేదు" అనే ఉంది, నేను కూడా "లేదు" అనే రాశాను. ఎవరైనా చూసి ఇది స్టాంప్ ఉన్న ట్యాంకు అని చెప్పుకోవడానికి ఈ అనువాదం పనికి రాదు.

1. పాత్ర వివరాలు

షెల్ లోపలి వ్యాసం 1100 మి.మీ., టాంజెంట్ నుంచి టాంజెంట్ వరకు పొడవు 1750 మి.మీ.
షెల్ మందం 8 మి.మీ., డిష్ ఎండ్‌లు 2:1 ఎలిప్సాయిడల్, నామమాత్రపు మందం 8 మి.మీ.
షెల్, డిష్ ఎండ్‌ల మెటీరియల్: ఎస్ఏ-516 గ్రేడ్ 70
తుప్పు కోసం వదిలిన అదనపు మందం: 1.5 మి.మీ.
రేడియోగ్రఫీ: స్పాట్, జాయింట్ ఎఫిషియెన్సీ 0.85
డిజైన్ ప్రెషర్: 10.5 కేజీ/సెం.మీ.² (గేజ్)
గరిష్ఠ అనుమతి పని ప్రెషర్: 10.5 కేజీ/సెం.మీ.² (గేజ్)
డిజైన్ ఉష్ణోగ్రత: 65 డిగ్రీల సెల్సియస్
కనిష్ఠ డిజైన్ మెటల్ ఉష్ణోగ్రత: 0 డిగ్రీల సెల్సియస్

2. పరీక్ష ప్రెషర్ లెక్క

యూజీ-99(బి) ప్రకారం:

`Pt = 1.3 × MAWP × LSR = 1.3 × 10.5 × 1.00 = 13.65`

పరీక్ష ఉష్ణోగ్రత దగ్గర అనుమతి స్ట్రెస్ 138 ఎంపీఏ, డిజైన్ ఉష్ణోగ్రత దగ్గర 138 ఎంపీఏ, కనిష్ఠ స్ట్రెస్ నిష్పత్తి 1.00.
కోరిన కనీస పరీక్ష ప్రెషర్: 13.65 కేజీ/సెం.మీ.² (గేజ్)
నిజంగా ఇచ్చిన పరీక్ష ప్రెషర్: 13.8 కేజీ/సెం.మీ.² (గేజ్), పాత్ర పై భాగాన ఉన్న గేజ్ దగ్గర

అనువాదకుడి మాట: ఇక్కడ ఉన్నవి రెండు వేరు వేరు అంకెలు, రెండింటినీ కలిపి "సుమారు 14" అని ఎక్కడా రాయకూడదు. 13.65 కోడ్ అడిగిన కనీసం, 13.8 షాపులో నిజంగా ఎక్కించింది. గేజ్ మీద ఒక్కో గీత 0.2 కాబట్టి 13.65ని కచ్చితంగా చదవడం కుదరదు, పైన ఉన్న మొదటి గీత 13.8 దగ్గర ఆపారు. మిల్లులో పాత ట్యాంకు కాగితంలో 1.5 రెట్లు ఉంది కదా, ఇందులో 1.3 ఏంటి, తక్కువకి కానిచ్చేశారా అని హెడ్ ఆపరేటర్ అడిగాడని చెప్పారు. లేదు, ఈ డివిజన్‌లో 1999 అడెండా వరకు 1.5 ఉండేది, అప్పుడే 1.3కి తగ్గించారు, పాత లెక్కలో అయితే ఇదే ట్యాంకుకి 15.75 వచ్చేది. ఇక అసలు ముఖ్యమైనది: 13.8 నీళ్లు నింపి ఒక్కసారి చూసిన ప్రెషర్, ట్యాంకు నడిపే ప్రెషర్ కాదు. గాలితో 10.5 దాటకూడదు, సేఫ్టీ వాల్వ్ సెట్టింగ్ కూడా 10.5కి మించకూడదు. "పద్నాలుగు కేజీలు తట్టుకుంది కదా, పన్నెండు పెడితే ఏమవుతుంది" అనే మాట కంప్రెసర్ రూమ్‌లో వినపడితే ఈ పేరా చూపించండి.

3. పరీక్షకు వాడినవి

మాధ్యమం: తాగునీరు. క్లోరైడ్ పరిమితి: వర్తించదు.
నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్, మెటల్ ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్.
గేజ్ 1: సంఖ్య 114, పరిధి 0–28 కేజీ/సెం.మీ.², లీస్ట్ కౌంట్ 0.2, కాలిబ్రేషన్ 18.11.2024, చెల్లుబాటు 17.05.2025 వరకు.
గేజ్ 2: సంఖ్య 127, పరిధి 0–28 కేజీ/సెం.మీ.², లీస్ట్ కౌంట్ 0.2, కాలిబ్రేషన్ 18.11.2024, చెల్లుబాటు 17.05.2025 వరకు.

అనువాదకుడి మాట: గేజ్‌ల వరసల్లో యూనిట్ పక్కన "(గేజ్)" అనే మాట మూలంలో లేదు, అందుకే నేనూ పెట్టలేదు, మర్చిపోయి కాదు. క్లోరైడ్ సంగతి స్టెయిన్‌లెస్ స్టీల్‌కే పట్టింపు, ఇది కార్బన్ స్టీల్. తేదీలన్నీ రోజు, నెల, సంవత్సరం వరసలోనే ఉన్నాయి.

4. పరీక్ష జరిగిన తీరు

పరీక్ష తేదీ: 12.02.2025. వెల్డింగ్ అంతా, రేడియోగ్రఫీతో సహా, పూర్తయిన తర్వాత, పెయింట్ వేయకముందు పరీక్ష చేశాం. సేఫ్టీ వాల్వ్ బిగించలేదు, దాని నాజిల్‌ను బ్లైండ్ ఫ్లాంజ్‌తో మూశాం. నీళ్లు నింపేటప్పుడు పైనున్న వెంట్ తెరిచి ఉంచి, గాలి పూర్తిగా పోయి నీరు ఆగకుండా వచ్చాక మూశాం. పాత్ర బయట తడి లేకుండా తుడిచాం.

10:40 ప్రెషర్ 7.0, 5 నిమిషాలు ఆపి చూశాం
10:55 ప్రెషర్ 10.6, 5 నిమిషాలు ఆపి చూశాం
11:10 ప్రెషర్ 13.8, పంపు వేరు చేశాం, నిలుపు సమయం మొదలు
11:40 గేజ్ 1: 13.8, గేజ్ 2: 13.8, నిలుపు సమయం పూర్తి
11:46 ప్రెషర్ 10.8కి తగ్గించాం
11:48 నుంచి 12:30 వరకు 10.8 దగ్గర కంటితో తనిఖీ
12:40 వెంట్ తెరిచి నీళ్లు వదిలాం, లోపల గాలితో ఆరబెట్టాం

నిలుపు సమయం: 30 నిమిషాలు, కొనుగోలుదారు ఆమోదించిన తనిఖీ ప్లాన్ ప్రకారం.
కంటి తనిఖీకి కోరిన కనీస ప్రెషర్: పరీక్ష ప్రెషర్‌ను 1.3తో భాగించగా వచ్చినది, 13.8 / 1.3 = 10.62 కేజీ/సెం.మీ.² (గేజ్)
కంటి తనిఖీ జరిపిన ప్రెషర్: 10.8 కేజీ/సెం.మీ.² (గేజ్)

అనువాదకుడి మాట: 30 నిమిషాలు కోడ్ పెట్టింది కాదు, ఆ ప్లాన్‌లో మీరే ఒప్పుకున్నది, అందుకే "కోడ్ ప్రకారం" అని రాయలేదు. ఇంకొకటి, వెల్డింగులన్నీ దగ్గరికి వెళ్లి కంటితో చూసింది 13.8 దగ్గర కాదు, 10.8కి దించాకే. అదేమీ లోపం కాదు, పూర్తి పరీక్ష ప్రెషర్ మీద మనుషుల్ని ట్యాంకు పక్కన నిలబెట్టకుండా ఉండేందుకే కోడ్ ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ "13.8 దగ్గర తనిఖీ చేశారు" అని ఎవరైనా కుదించి రాస్తే తప్పు అవుతుంది. పై టైముల వరసలోని 7.0, 10.6, 13.8, 10.8లకు మూలంలో యూనిట్ రాయలేదు, మిగతాచోట్ల ఉన్నదే వర్తిస్తుందని షాపు వాళ్ల ఉద్దేశం అనుకోవచ్చు, నేను మాత్రం చేర్చలేదు.

5. ఫలితం

నిలుపు సమయంలో ప్రెషర్ తగ్గుదల: గమనించలేదు
కంటి తనిఖీ సమయంలో వెల్డు జాయింట్ల దగ్గర లీకేజీ: లేదు
నాజిల్ బ్లైండ్ ఫ్లాంజ్ గ్యాస్కెట్ దగ్గర లీకేజీ: లేదు
కంటికి కనిపించే శాశ్వత ఆకార మార్పు: గమనించలేదు
పరీక్ష తర్వాత చేసిన వెల్డింగ్ లేదా రిపేరు: లేదు

అనువాదకుడి మాట: కొన్నిచోట్ల "లేదు", కొన్నిచోట్ల "గమనించలేదు" అని ఉంది. మూలంలోనే అలా ఉంది, అన్నీ ఒకేలా చేయాలని నేను సరిదిద్దలేదు. లీకేజీ లేదని వాళ్లు గట్టిగా చెప్పారు, ఆకార మార్పు విషయంలో కంటికి కనపడినంత వరకే మాట ఇచ్చారు, టేపు పెట్టి కొలిచామని ఎక్కడా అనలేదు.

6. అంగీకార ప్రకటన

"పైన పేర్కొన్న పీడన పాత్రను ఏఎస్ఎంఈ సెక్షన్ 8, డివిజన్ 1, యూజీ-99 ప్రకారం, ఈ పత్రంలో నమోదైన విలువల వద్ద హైడ్రోస్టాటిక్‌గా పరీక్షించడమైనది. పరీక్ష ఫలితం సంతృప్తికరం. పాత్రను హైడ్రోస్టాటిక్ పరీక్ష వరకు మాత్రమే అంగీకరించడమైనది. ఈ అంగీకారం వాడకానికి యోగ్యతా పత్రం కాదు, తయారీదారును ఒప్పందం ప్రకారం ఉన్న ఏ బాధ్యత నుంచీ విముక్తుణ్ణి చేయదు."

తయారీదారు నాణ్యత నియంత్రణ ఇంజినీరు: పరీక్ష జరిపించాను. సంతకం, ముద్ర మూలంలో ఉన్నాయి. 12.02.2025
థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టరు: పరీక్షను దగ్గరుండి చూశాను. మెటీరియల్ సర్టిఫికెట్లు, రేడియోగ్రఫీ రిపోర్టులు పరిశీలించాను. సంతకం, ముద్ర మూలంలో ఉన్నాయి. 13.02.2025
కొనుగోలుదారు ప్రతినిధి: హాజరు కాలేదు.

అనువాదకుడి మాట: ఇన్‌స్పెక్టరు కళ్లారా చూసింది నీటి పరీక్ష ఒక్కటే, ప్లేటు, ఫిల్ముల సంగతి కాగితాల మీద చూశాడు, ఆ తేడా అలాగే ఉంచాను. "వరకు మాత్రమే" అన్న ముక్క తీసేయమని ఎవరైనా అడిగితే, తీయను అని చెప్పండి. ఈ సర్టిఫికెట్ తేదీ నాటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో సెక్షన్ 31 కింద నడిపే ప్రెషర్ సురక్షిత పరిమితి దాటకుండా చూసే బాధ్యత ఫ్యాక్టరీదే, ఈ కాగితం అటకెక్కించినా, గోడకు అంటించినా అది మారదు.

మూలంలోనే ఉన్న తేడా ఒకటి

మొదటి పేజీలో క్రమసంఖ్య 2418/03, రెండో పేజీ పైభాగంలో 2418/3 అని ఉంది. రెండూ ఒకే ట్యాంకు అని మనకి తెలుసు, కానీ నేను సర్దుబాటు చేసి రాయకూడదు, పైన మొదటి పేజీలో ఉన్నట్టే రాసి ఇక్కడ చెబుతున్నాను. ట్యాంకు నేమ్‌ప్లేట్ మీద ఏది పంచ్ చేశారో ఫోటో తీసి షాపుకి పంపి, రెండో పేజీ సరిచేసి మళ్లీ సంతకంతో ఇమ్మనండి, కొత్త పేజీ రాగానే నాకు పంపితే ఆ ఒక్క వరస మార్చి ఇస్తాను. అది వచ్చేదాకా గోడ కాపీ అంటించొచ్చు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి చూపించే ఫైల్లో మాత్రం పెట్టకండి.