పోస్టుకు ముందు ఫ్యాక్ట్‌చెక్: నవంబరు 20 నుంచి కొత్త పద్ధతి

నుంచి: కంటెంట్ లీడ్, నెల్లూరు ఆఫీసు
ఎవరికి: నెల్లూరు, ఒంగోలు డెస్కులు, వీడియో, డిజైన్ టీములు, మండలాల కంట్రిబ్యూటర్లు, యాడ్స్ విభాగం
తేదీ: 2025 నవంబరు 17, సోమవారం

అందరికీ నమస్కారం.

ఈ గురువారం, నవంబరు 20 ఉదయం 6 గంటల నుంచి మన పేజీల్లో, ఛానెల్లో వచ్చే ఏ పోస్టయినా, రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు మూలం తెరిచి చూసి సరే అన్నాకే బయటికి వెళ్లాలి. వార్త, ఫోటో కార్డు, రీల్, పండగ పోస్టు, డబ్బు తీసుకుని వేసే ప్రకటన, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఇప్పటిదాకా మనం ప్రూఫ్ చూస్తున్నాం. ప్రూఫ్‌లో అక్షర దోషాలు దొరుకుతాయి గానీ విషయం తప్పయితే తెలియదు.

మొన్న మొంథా తుఫాను సమయంలో పడుగుపాడు దగ్గర హైవే తెగిందంటూ ఒక ఫోటో మన గ్రూపులోకి వచ్చింది. అది 2021 నవంబరు పెన్నా వరదలప్పటి ఫోటో. ఆ వరదల్లో అక్కడికి వెళ్లి వచ్చిన మన డెస్కు మనిషి ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారు కాబట్టి గుర్తుపట్టి ఆపేశారు. ఆమెకు నా అభినందనలు. కానీ ఆ రాత్రి డ్యూటీ వేరేవాళ్లదైతే? కావలి నుంచి నెల్లూరు ఆసుపత్రికి బయల్దేరిన కుటుంబం ఆ ఫోటో చూసి మధ్యలో ఆగిపోయేది. ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా పని జరగాలి. అందుకే ఈ పద్ధతి.

పని ఇలా నడుస్తుంది. రాసినవాళ్లు డ్రాఫ్టుతో పాటు షీటులో ఒక వరుస నింపాలి. పోస్టులో ఉన్న ప్రతి అంకె, తేదీ, పేరు, ఊరు ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఆ మూలం లింకు లేదా ఫోటో ఏదో అందులో ఉండాలి. చెక్ చేసేవాళ్లు ఆ మూలాన్ని స్వయంగా తెరిచి, పోస్టుతో పోల్చి, తమ పేరు, సమయం రాయాలి. ఆ రెండూ లేని డ్రాఫ్టును పబ్లిష్ చేసే అనుమతి ఎవరికీ ఉండదు. నాకు కూడా ఉండదు. నేను రాసినవి ఒంగోలు డెస్కు చూస్తుంది. మామూలు పోస్టుకు అరగంట పెట్టుకోండి. పగలు ఒక డెస్కు రాసింది ఇంకో డెస్కు చూస్తుంది, రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి చూస్తారు.

వాట్సాప్ ఫార్వర్డు మూలం కాదు. ఇంకో పేజీలో వచ్చిందనేదీ మూలం కాదు. పేపర్లో వచ్చిన అంకె అయినా, దాని అసలు ఉత్తర్వు గానీ బులెటిన్ గానీ దొరికితే అదే చూడాలి. ఫోటో, వీడియో అయితే తీసినవాళ్లతో మాట్లాడాలి. వాళ్లు దొరక్కపోతే గూగుల్ లెన్స్‌లో వెతికి, షాపు బోర్డులు, బస్సు నంబర్లు, వెనక కనిపించే గుడి, వంతెన పోల్చి చూడాలి. అయినా తేలకపోతే ఆ ఫోటో వాడం.

మన జిల్లాల్లో ఎక్కువ తికమక పెట్టే విషయాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది వడ్ల ధర. నెల్లూరు రైతు పుట్టి లెక్కన మాట్లాడతాడు, ప్రభుత్వం క్వింటా లెక్కన ప్రకటిస్తుంది. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. 2025-26 సీజనుకు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు. సాధారణ రకానికి క్వింటాకు 2,369. ఏ గ్రేడో, ఏ సీజనో, ఏ కొలతో రాయకుండా ధర ఒక్కటే వేస్తే, కోత మీద ఉన్న రైతు ఆ అంకె పట్టుకుని దళారీతో బేరానికి కూర్చుంటాడు. ఆయన నష్టపోతే మనం సవరణ వేసినా ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి ధరల పోస్టులో రెండు కొలతలూ ఉండాలి. రొయ్యల ధరకూ అంతే, కౌంటు లేని ధర వేయొద్దు.

రెండోది నీళ్లు. క్యూసెక్కు ప్రవాహానికి, టీఎంసీ నిల్వకు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ దాకా అవుతుంది. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. డ్రాఫ్టులో "సోమశిలలోకి 70 వేల టీఎంసీలు" అని కనిపిస్తే చెక్ చేసేవాళ్లకు అక్కడే అనుమానం రావాలి. కిందికి వదిలే నీటి అంకెకు పక్కనే గంట కూడా రాయండి. పొద్దున ఆరింటి అంకె మధ్యాహ్నానికి పాతబడుతుంది, పెన్నా గట్టు మీద కాపురం ఉండేవాళ్లు దాన్ని బట్టే సామాను సర్దుకుంటారు.

మూడోది జిల్లాల పేర్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, చీరాల బాపట్లలో కలిసింది. రాకెట్ ప్రయోగం అనగానే "నెల్లూరు జిల్లా శ్రీహరికోట" అని అలవాటుగా రాసేస్తున్నాం. పాత సంఘటనల గురించి రాసేటప్పుడు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ చెప్పండి.

డిసెంబరు 15 కోసం ముందే షెడ్యూల్ చేసిన పొట్టి శ్రీరాములు గారి పోస్టు కూడా మళ్లీ చూడాలి. అందులో ఆయన ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చారని ఉంది. 1952లో ఆయన దీక్ష చేసింది మద్రాసు రాష్ట్రం నుంచి విడిగా ఆంధ్ర రాష్ట్రం కావాలని. ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. మన జిల్లాకు పేరైన మనిషి గురించి మనమే సరిగ్గా రాయకపోతే ఎలా?

తుఫాను, వరద, ప్రమాదం లాంటి సమయాల్లో ఆలస్యం అవుతుందని మీకు టెన్షన్ ఉంటుందని తెలుసు. అప్పుడు వాతావరణ శాఖ, జిల్లా యంత్రాంగం ఇచ్చిన హెచ్చరికను ఉన్నది ఉన్నట్టు, సమయంతో సహా వేయండి. దానికి పది నిమిషాలు చాలు, కానీ రెండో మనిషి మాత్రం తప్పనిసరి. మరణ వార్తను కుటుంబ సభ్యులు గానీ ఆసుపత్రి గానీ పోలీసులు గానీ నేరుగా ధ్రువీకరించేదాకా ఆపాలి. లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఫోటో, ఊరు, వాళ్లను గుర్తుపట్టే ఏ వివరమూ బయటికి రాకూడదు. చట్టం ఒప్పుకోదు, మనమూ ఒప్పుకోం. ఇలాంటి కేసుల డ్రాఫ్టులు నేరుగా నాకే పంపండి.

రాసినవాళ్లకూ చెక్ చేసినవాళ్లకూ మాట కలవకపోతే పోస్టు ఆగుతుంది. సీనియర్ రాశారని జూనియర్ మొహమాటపడి సంతకం పెట్టొద్దు. పోస్టు ఆపినవాళ్లను ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పండి, నేను చూసుకుంటాను. ఇంత చేసినా తప్పు దొర్లితే చడీచప్పుడు లేకుండా డిలీట్ చేయొద్దు. అదే పోస్టు పైన ఏది తప్పో, ఏది సరైనదో రాసి ఉంచాలి.

ఫిబ్రవరి చివరిదాకా వారం వారం చూసే వ్యూస్ పట్టికను ఎవరి పనితీరుకూ లెక్కలోకి తీసుకోం. ఈ మేరకు మేనేజ్‌మెంటు ఒప్పుకుంది. పక్క పేజీ మనకన్నా ముందు వేసిందని ఎవరినీ అడగను.

బుధవారం సాయంత్రం 5 లోగా షెడ్యూల్‌లో ఉన్న పోస్టులన్నీ డ్రాఫ్టులోకి మార్చండి. యాడ్స్ వాళ్లు ఇప్పటికే ఒప్పుకున్న ప్రకటనల జాబితా పంపండి, ముఖ్యంగా ఆరోగ్యం, ఉద్యోగాలు, ప్లాట్లకు సంబంధించినవి. మంగళవారం ఉదయం 11కి నెల్లూరు ఆఫీసులో షీటు ఎలా నింపాలో చూపిస్తాను. ఒంగోలు వాళ్లు, మండలాల కంట్రిబ్యూటర్లు వీడియో కాల్‌లో రండి. ప్రతి ఒక్కరూ తాము రాసిన ఒక పోస్టు, దాని మూలాలు సిద్ధంగా పెట్టుకోండి, వాటి మీదే ప్రాక్టీస్ చేద్దాం.

కంటెంట్ లీడ్