టీసీలో మా అమ్మాయి పేరు సరిచేయవలసిందిగా విన్నపం

కావలి,
19-06-2025.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,

పసుపులేటి మాల్యాద్రి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా అమ్మాయి పసుపులేటి లిఖిత మీ పాఠశాలలో 6వ తరగతి నుంచి 9వ తరగతి వరకు చదివింది. అడ్మిషన్ నంబరు 2317. మేము కాపురం నెల్లూరుకు మారుస్తున్నందున టీసీ కోరగా, ఈ నెల 13వ తేదీన ఇప్పించారు. అందులో అమ్మాయి పేరు 'లిఖిత' అని ఉండవలసిన చోట 'లిఖిల' అని పడింది. తెలుగులో 'త'కు బదులు 'ల' రాయగా, ఇంగ్లీషులో కూడా దానికి తగ్గట్టే చివరి టీ, హెచ్, ఏ అక్షరాల స్థానంలో ఎల్, ఏ అని వేశారు. పుట్టిన తేదీ, ఇంటిపేరు, పుట్టుమచ్చల వివరాలు అన్నీ సరిగానే ఉన్నాయి.

టీసీ తీసుకున్న రోజు చదివి చూసుకోకుండా సంతకం పెట్టి రావడం నా పొరపాటే. నెల్లూరులో పదో తరగతిలో చేర్చడానికి వెళ్లినప్పుడు, అక్కడి గుమస్తా గారు ఆధార్ కార్డును పక్కన పెట్టి చూసి, రెండు పేర్లూ కలవనిదే చేర్చుకోవడం కుదరదని కాగితాలు తిరిగి ఇచ్చేశారు. నిన్న మీ కార్యాలయంలో అడ్మిషన్ రిజిస్టరు తీయించి చూడగా, అందులో 'లిఖిత' అనే ఉంది. కాబట్టి తప్పు టీసీ రాసేటప్పుడు దొర్లినదే తప్ప, రిజిస్టరులో మార్చవలసినది ఏమీ లేదు.

పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ పంపేటప్పుడు ఈ పేరే వెళ్తే, మార్కుల మెమోలోనూ 'లిఖిల' అనే వస్తుంది. ఆ తర్వాత దానిని మార్పించడానికి నా వంటి ఆటో నడుపుకునేవాడు ఎన్ని కార్యాలయాలు తిరగాలో తమకు తెలియనిది కాదు. అందువలన పాత టీసీని రద్దు చేసి, సరైన పేరుతో కొత్తది ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఉన్నదానిమీదే వైట్‌నర్ పూసి దిద్ది ఇస్తే కొత్త బడివారు ఒప్పుకోరేమోనని నా భయం. కొత్తది ఇవ్వడానికి నిబంధనలు అడ్డువస్తే, తప్పు పేరును ఒక్క గీతతో కొట్టివేసి, పైన సరైన పేరు రాసి, తమ సంతకం, పాఠశాల ముద్ర వేయించండి. ఆన్‌లైన్‌లో అమ్మాయి వివరాలలోనూ ఇదే తప్పు ఉంటే, బదిలీ చేసేలోగా సరిచేయించగలరు.

అసలు టీసీని, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు, 9వ తరగతి ప్రోగ్రెస్ కార్డుల జిరాక్సులను ఈ విన్నపానికి జతపరిచాను. ప్రోగ్రెస్ కార్డు మీద క్లాస్ టీచరు గారు తమ చేతిరాతతో 'లిఖిత' అనే రాశారు.

బడులు తెరిచి వారం దాటింది, అమ్మాయి ఇంకా ఇంట్లోనే ఉంది. వచ్చే సోమవారం, 23వ తేదీ ఉదయం, నేను స్వయంగా వచ్చి టీసీ తీసుకుంటాను. ఆలోగా ఇంకేదైనా కాగితం కావలసివస్తే, అడ్మిషన్ ఫారంలో ఉన్న నా ఫోను నంబరుకు కబురు చేయించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
పసుపులేటి మాల్యాద్రి
(విద్యార్థిని తండ్రి)