'తాళాల గుత్తి' షార్ట్ ఫిల్మ్: క్రౌడ్‌ఫండింగ్ వీడియో స్క్రిప్ట్

(తెర నల్లగా ఉంటుంది. మ్యూజిక్ లేదు. తాళాల గుత్తి చప్పుడు, మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు.)

దర్శకురాలి గొంతు: ఈ అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు. ఇంకో వారంలో కూల్చేస్తారు. అయినా వాచ్‌మన్ రోజూ రాత్రి మెట్లెక్కుతాడు. ఒక్కో తలుపు దగ్గర ఆగి, తాళం లాగి చూసి, ముందుకెళ్తాడు.

(టార్చి వెలుగులో ఒక తలుపు. తాళం మీద ముసలి చెయ్యి.)

ఈ రాత్రి మూడో అంతస్తులో తాళం లాగగానే, లోపల ఎవరో గడియ వేశారు.

(తెర మీద పేరు: తాళాల గుత్తి. వెంటనే దర్శకురాలు, అదే మెట్ల మీద కూర్చుని, కెమెరా వైపు చూస్తూ.)

నమస్తే. ఈ 15 నిమిషాల సినిమా రాసింది, తీయబోతున్నది నేనే. మా నాన్న వాచ్‌మన్‌గా పనిచేశారు. కరెంటు పోయినా సరే, గుత్తిలో ఏ చెవి ఏ ఇంటిదో వేళ్లతో తడిమి చెప్పేసేవారు. ఒకదానికి అంచు అరిగిపోయి ఉండేది, ఇంకోదానికి దారం కట్టి ఉండేది. అన్ని ఇళ్ల తాళాలూ నమ్మి ఆయన చేతికిచ్చారు. కానీ ఆ ఇళ్లలో ఎవరూ ఆయన్ని లోపలికి రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. ఈ కథ అక్కడి నుంచే పుట్టింది. సినిమాల్లో వాచ్‌మన్ గేటు తీసి పక్కకు జరుగుతాడు. మా కెమెరా ఆయన వెంటే మెట్లెక్కుతుంది.

(రిహార్సల్ దృశ్యాలు. నటుడు గుత్తిలోంచి ఒక చెవిని, చూడకుండానే, వేరు చేస్తాడు.)

స్క్రిప్ట్ పూర్తయింది. ఏళ్లుగా నాటకాలు ఆడుతున్న నటుడు ప్రధాన పాత్ర చేస్తున్నారు. బిల్డింగ్ యజమాని ఆరు రాత్రులు షూటింగ్‌కి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. కెమెరా మా సినిమాటోగ్రాఫర్‌దే, దానికి అద్దె లేదు.

మరి డబ్బు దేనికి? అన్నిటికంటే ఎక్కువ సౌండ్‌కి. ఎందుకో చెప్పడం కంటే వినిపించడమే మంచిది.

(తలుపు షాట్ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి కెమెరా మైక్‌తో: గదంతా గుయ్యిమనే మోత, గడియ చప్పుడు అందులో కలిసిపోతుంది. రెండోసారి బూమ్ మైక్‌తో, స్టూడియోలో విడిగా చప్పుళ్లు చేసి కలిపే ఫోలీతో: ఊపిరి, లోహం, గడియ పడిన చప్పుడు. రెండింటి మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం.)

ఒకే షాట్. ఒక్క ఫ్రేమ్ కూడా మార్చలేదు. ఈ కథలో తలుపు అవతల మనిషి చివరి దాకా కనిపించడు, వినిపిస్తాడు. ఆ వినికిడి సరిగ్గా లేకపోతే సినిమానే లేదు. అందుకే లొకేషన్‌లో సౌండ్ రికార్డిస్టు, తర్వాత ఫోలీ, మిక్సింగ్: లక్ష్యంలో దాదాపు సగం వీటికే. మిగతాది లైట్ల అద్దె, టీమ్ జీతాలు, భోజనాలు, కలర్ గ్రేడింగ్, సబ్‌టైటిల్స్, థియేటర్లో వేయడానికి కావాల్సిన డీసీపీ అనే డిజిటల్ ఫైల్, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు, క్రౌడ్‌ఫండింగ్ సైటు తీసుకునే కమీషన్. పూర్తి లెక్క వీడియో కింద ఉంది, చూడండి.

ఇక మీకు ఏమిస్తామంటే.

(ఒక్కో రివార్డు చెప్తుండగా దాని పేరు తెర మీద పడుతుంది.)

'మెట్టు' ఎంచుకుంటే ఎండ్ టైటిల్స్‌లో మీ పేరు, అందరికంటే ముందు సినిమా చూసే ప్రైవేట్ లింక్. 'తలుపు' ఎంచుకుంటే వాటితో పాటు పూర్తి స్క్రిప్ట్, నా చేతిరాత నోట్స్‌తో సహా పీడీఎఫ్‌గా. సినిమాలు తీయాలనుకునేవాళ్లకి నేను ఇదే తీసుకోమంటాను. 'గడియ' ఎంచుకుంటే ఇవన్నీ, ఇంకా మా సౌండ్ డిజైనర్‌తో ఆన్‌లైన్ సెషన్: ఇందాక విన్న గడియ చప్పుడు పొర మీద పొర ఎలా తయారైందో ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి చూపిస్తారు. అన్నిటికంటే పెద్దది 'గుత్తి'. వీటన్నిటితో పాటు అసోసియేట్ ప్రొడ్యూసర్ క్రెడిట్, ఎడిటింగ్ దశలో రఫ్ కట్ చూసి మీ అభిప్రాయం చెప్పే అవకాశం. ఫైనల్ కట్ నిర్ణయం మాత్రం నాదే.

టీషర్టులు, పోస్టర్లు పెట్టలేదు. ప్రింటింగుకి, పోస్టేజీకి పోయే డబ్బు తెర మీదే కనపడాలని మా కోరిక. ఇంకోటి, ఇది పెట్టుబడి కాదు. లాభాల్లో వాటా ఉండదు.

(దర్శకురాలు మళ్లీ కెమెరా ముందు.)

లక్ష్యం పూర్తిగా చేరితేనే మీ డబ్బు మాకు వస్తుంది. చేరకపోతే మీ ఖాతా నుంచి ఏమీ పోదు. కథలో లాగే మేం షూటింగ్ చేసే బిల్డింగ్ కూడా కూల్చబోయేదే. దాన్ని అనుకున్నదానికంటే ముందే కూల్చేస్తే ఏం చేస్తారని అడగొచ్చు. అలాంటి మెట్లే ఉన్న మరో పాత బిల్డింగ్ చూసి పెట్టుకున్నాం. షూటింగ్ ఆలస్యమైనా, ఎడిటింగ్ ఆలస్యమైనా ఆ సంగతి ముందు మీకే చెప్తాం. కొన్ని ఫెస్టివల్స్ ప్రీమియర్ తమ దగ్గరే జరగాలని అడుగుతాయి, కాబట్టి సినిమాని యూట్యూబ్‌లో పెట్టడానికి టైమ్ పడుతుంది. మీ ప్రైవేట్ లింక్ మాత్రం ఎడిట్, మిక్సింగ్ పూర్తవగానే వస్తుంది. దయచేసి అది మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ క్యాంపెయిన్ 30 రోజులు నడుస్తుంది. సాయం చేయాలనుకుంటే మొదటి వారంలోనే చేయండి. అప్పటికే కొంత నిండిన పేజీని చూస్తే కొత్తగా వచ్చేవాళ్లకి ధైర్యం వస్తుంది. డబ్బు ఇవ్వలేని పరిస్థితి ఉంటే, ఈ కథ నచ్చే ఒక్కరికి లింక్ పంపండి.

(తెర మీద నాలుగు రివార్డుల పేర్లు. వాటి కింద: 'ఒకటి ఎంచుకోండి'.)