శుభోదయం వీడియోలు: ఈ వారం ఏడు రోజుల స్క్రిప్టు

అక్కా, తమ్ముడూ, ఈ వారం ఏడు వీడియోలకూ రాసినవన్నీ కింద ఉన్నాయి. పద్యాలు ఏడూ కొత్తవే. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఆటవెలదులు, శని, ఆదివారాలకు ద్విపదలు.

అక్కా, పద్యం చదివేటప్పుడు రాగం తీయకండి. మామూలుగా, ప్రతి పాదం చివర ఒక్క ఊపిరి ఆగి చదవండి. మాట చెప్పే భాగంలో ఎదుటి మనిషి అప్పుడే లేచి కూర్చున్నాడని అనుకోండి. ఉదయాన్నే ఉపన్యాసం ఎవరికీ వద్దు. అందుకే ఈసారి "గెలవాలి, సాధించాలి" లాంటి మాటలు ఎక్కడా పెట్టలేదు. కళ్లెదుట నిజంగా జరిగేది ఒకటి చూపించి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి వదిలేద్దాం.

తమ్ముడూ, అన్నీ నిలువు ఫ్రేమే, 1080 x 1920, నిమిషంలోపు. చాలామంది సౌండ్ తీసేసి చూస్తారు కాబట్టి చెప్పే ప్రతి మాటా తెర మీద కనిపించాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కళ్లజోడు ఇంకా పెట్టుకోని వాళ్లూ చదువుతారు. మెరిసే గులాబీలు, ఎగిరే హృదయాలు, తిరిగే దీపాలు వద్దు. ఒక్కో వీడియోకు ఒక్కటే దృశ్యం, కట్స్ లేకుండా.

సోమవారం: వెలుగు

దృశ్యం: గది లోపలి నుంచి కిటికీ. మొదట రెక్కలు మూసి ఉంటాయి, సందులోంచి సన్నటి వెలుగు గీత నేల మీద పడుతుంది. ఓ చెయ్యి వచ్చి రెక్క తెరుస్తుంది. గీత మెల్లగా వెడల్పవుతూ గోడ దాకా పాకుతుంది. కెమెరా కదలదు, కదిలేది వెలుగు ఒక్కటే. మనిషి ముఖం చూపించొద్దు, చెయ్యి చాలు. సంగీతం లేదు, కిటికీ గడియ చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడాలి.

పద్యం:
వెలుగు నడిచి వచ్చె వేల యోజనములు
తలుపు తట్టి నిన్ను తాకె నేడు
కిటికి తెరచి దాని కేలు పట్టుకొనుము
మెల్లగాను దినము మేలుకొనును

మాట: "శుభోదయం. ఇప్పుడు మీ చేతి మీద పడిన ఈ ఎండ సూర్యుడి దగ్గర బయలుదేరి సుమారు 8 నిమిషాల 20 సెకన్లయింది. దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చింది. సోమవారం అనగానే మనసు పనుల జాబితా వైపు పరిగెడుతుంది. పరిగెట్టనీయండి, పనులెక్కడికీ పోవు. ముందు ఒక్క నిమిషం కిటికీ దగ్గర నిలబడండి. అంత దూరం నుంచి వచ్చింది, కాస్త పలకరిద్దాం."

మంగళవారం: మంచు బిందువు

దృశ్యం: గడ్డిపోచ చివర ఒక నీటి బొట్టు, బాగా దగ్గరగా. వెనక అంతా మసక పచ్చదనం. బొట్టులో ఆకాశం తలకిందులుగా కనిపించాలి. అది దొరకకపోతే ఈ షాట్ పెట్టి లాభం లేదు తమ్ముడూ, ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడే తీయాలి. బొట్టు జారిపోయే దాకా ఆగొద్దు, నిలిచి ఉండగానే వీడియో అయిపోవాలి.

పద్యం:
గడ్డి కొనకు మంచు కట్టె ముత్యపు సరి
చినుకు లేదు మేఘ చిహ్నమేది
చప్పుడేమి లేక సమకూడు మేలెల్ల
పగలు తెలియు రేయి పడిన పాటు

మాట: "శుభోదయం. రాత్రి వాన పడలేదు. అయినా గడ్డి తడిసింది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. ఆ చల్లదనం తగిలి గాలిలోని ఆవిరి నీటి బొట్టుగా మారుతుంది. మబ్బు కమ్మితే అది దుప్పటిలా వేడిని ఆపేస్తుంది, మంచు అంతగా పట్టదు. మనం నిద్రపోతున్నప్పుడు జరిగిన పని ఇది. మీ ఇంట్లో కూడా మీరు లేవకముందే ఎవరో ఏదో పని చేసి పెట్టి ఉంటారు. ఈ రోజు దాన్ని ఒకసారి గమనించండి."

అక్కా, "ఎవరో" దగ్గర ఒత్తి పలకొద్దు. వినేవాళ్లకు ఎవరు గుర్తుకు రావాలో వాళ్లే వస్తారు.

బుధవారం: పిట్టల పాట

దృశ్యం: ఇంకా చీకటి పూర్తిగా విడవని ఆకాశం, దాని మీద చెట్టు కొమ్మల నల్లటి నీడ. పిట్ట కనిపించకూడదు, పాట మాత్రమే వినిపించాలి. మొదట ఒక్కటి, కాసేపటికి రెండోది, ఆ తర్వాత చెట్టంతా. ఈ శబ్దం బయట కొన్న ఎఫెక్టులతో చేయొద్దు. తెల్లవారుజామున మైకు పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి, అందులోంచి తీసుకుందాం. అక్క గొంతు వచ్చినప్పుడు పిట్టల శబ్దం సగానికి తగ్గించు, ఆపేయకు.

పద్యం:
వెలుగు రాకముందె వినిపించు పాటలు
చెట్టు నిండ పిట్ట చిన్ని గొంతు
ఇటనె యుంటినంచు ఎలుగెత్తు గువ్వలా
పక్క వారి తోడ పలుకు నేడు

మాట: "శుభోదయం. ఈ వేళలో పురుగులు వెతుక్కోవడానికి వెలుతురు చాలదు. గాలి నిలకడగా ఉంటుంది, చప్పుళ్లు తక్కువ, గొంతు దూరం వెళ్తుంది. అందుకే చాలా పక్షులు ఇప్పుడే పాడతాయి. రాత్రి గడిచింది, నేను ఇక్కడే ఉన్నాను, ఇది నా చోటు అని తోటి పిట్టలకు చెప్పుకుంటాయి. మనకూ అంతే కావాలి కదా. చాలా రోజులుగా మాట్లాడని ఒకరికి ఈ రోజు ఫోన్ చేసి, బాగున్నావా, నేనిక్కడే ఉన్నానని చెప్పండి. పని ఉంటేనే చెయ్యాలని ఏమీ లేదు."

ఈ వారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బడ్జెట్లో సమయం మిగిలితే అది బుధవారానికే ఖర్చు పెడదాం.

గురువారం: సాలీడు

దృశ్యం: రెండు కొమ్మల మధ్య సాలెగూడు, వెనక నుంచి ఎండ. గూడులో ఒక పక్క చిరిగి ఉంటే ఇంకా మంచిది. గాలికి కాస్త ఊగాలి. సాలీడు మరీ దగ్గరగా వద్దు, చూసి భయపడేవాళ్లుంటారు.

పద్యం:
నిన్న గూడు చెదరె నేడల్లె సాలీడు
గాలినేమి యనక గట్టి పోగు
తునిగినంత చోట తొలినుండి మొదలిడు
ఓర్పు గల్గు చేయి ఓడిపోదు

మాట: "శుభోదయం. గుండ్రటి గూడు అల్లే సాలీళ్లలో చాలా జాతులు పాత గూడు దారాన్ని తినేసి, దానితోనే కొత్త దారం తీస్తాయి. చెడిపోయింది కూడా వాటికి ముడిసరుకే. నిన్న కుదరని పని ఏదైనా మనసులో టెన్షన్ పెడుతుంటే, అందులో పనికొచ్చేది ఎంత ఉందో చూడండి. మొత్తం పారేయక్కర్లేదు."

శుక్రవారం: తామరాకు

దృశ్యం: చెరువు. ఆకు మీద నీటి బొట్టు అటూ ఇటూ దొర్లుతూ ఉండాలి. పక్కన ఒక మొగ్గ కనిపిస్తే చాలు, పువ్వును మధ్యలో పెట్టొద్దు. అందరూ పువ్వే పెడతారు. మన మాట ఆకు గురించి. నీళ్ల మీద గాలి అలలు, కప్పల చప్పుడు ఉంటే ఉండనివ్వు.

పద్యం:
తామరాకు మీద తడినిల్వ దెన్నడు
జారు చినుకు దుమ్ము జతగ పోవు
మాట పడిన పూట మనసును కడుగుము
మరక లేని దినము మరల వచ్చు

మాట: "శుభోదయం. తామరాకు తాకితే నున్నగా ఉంటుంది. కానీ కంటికి కనిపించనంత చిన్న బుడిపెలు దాని నిండా ఉంటాయి, వాటి మీద మైనం లాంటి పూత. అందుకే నీటి బొట్టు పరుచుకోలేక, ఉండలా మారి దొర్లిపోతుంది. పోతూ పోతూ ఆకు మీది దుమ్మునూ తీసుకుపోతుంది. ఎవరో అన్న ఒక మాట రెండు రోజులుగా మీలో నిలిచిపోయి ఉంటే, ఈ ఉదయం దాన్ని జారిపోనివ్వండి. ఒక్కసారికి పోకపోవచ్చు. మళ్లీ వస్తే మళ్లీ జారనివ్వండి."

అక్కా, చివరి రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. బాధలో ఉన్న మనిషికి "మరిచిపో" అని ఊరికే చెప్పడం కఠినంగా ఉంటుంది. సమయం ఎక్కువైతే పైనున్న మైనం పూత వాక్యం తగ్గించండి, వీటిని మాత్రం తీసేయొద్దు.

శనివారం: పొద్దుతిరుగుడు

దృశ్యం: పూర్తిగా విచ్చిన పువ్వుల చేను, అన్నీ ఒకే వైపు. కెమెరా వాటి వెనక నుంచి, అంటే పువ్వులతో పాటు మనమూ తూర్పు చూస్తున్నట్టు.

పద్యం:
తూరుపు వైపుకు తొలిచూపు నిలిపి
ఊరక నిలిచెను ఉదయాన పువ్వు

మాట: "శుభోదయం. లేత మొక్కగా ఉన్నప్పుడు పొద్దుతిరుగుడు రోజంతా సూర్యుడి వెంట తిరుగుతుంది, రాత్రికి మళ్లీ తూర్పుకు మళ్లుతుంది. పువ్వు ముదిరాక ఆ తిరగడం ఆగిపోతుంది, తూర్పు వైపే నిలిచిపోతుంది. ఉదయపు ఎండకు త్వరగా వెచ్చబడి తేనెటీగలను ఎక్కువగా పిలుచుకుంటుంది. వయసు పెరిగాక పరుగు తగ్గిందని బాధపడే పెద్దలకు ఈ ఉదయం ప్రత్యేకంగా నమస్కారం."

ఆదివారం: అలలు

దృశ్యం: ఖాళీ తీరం, తడి ఇసుక, అల వచ్చి వెనక్కి వెళ్లడం. సెలవు రోజు కాబట్టి మాట తక్కువ, అల చప్పుడు ఎక్కువ. పద్యం ముందు రెండు అలలు పూర్తిగా వచ్చి వెళ్లనివ్వు.

పద్యం:
అల వచ్చి పోవును అలసట లేక
కలతలు కడలిలో కరగును నేడు

మాట: "శుభోదయం. సముద్రానికి పోటు నిన్న వచ్చిన వేళకే ఈ రోజు రాదు. చంద్రుడు ముందుకు జరిగినందువల్ల రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆదివారం మీరూ కాస్త ఆలస్యంగా లేవండి, ఎవరూ ఏమీ అనరు."

ప్రతి వీడియో చివర రెండు సెకన్లు "శుభోదయం" అన్న ఒక్క మాటే తెర మీద ఉండాలి. "పది మందికి పంపండి, మంచి జరుగుతుంది" అనే వాక్యం ఏ రూపంలోనూ పెట్టొద్దు. నచ్చితే వాళ్లే పంపుతారు, పంపనివాళ్లను భయపెట్టడం మన పని కాదు.

అక్కా, సోమ, మంగళవారాల రికార్డింగు శుక్రవారం సాయంత్రానికి పంపితే తమ్ముడికి రెండు రోజుల వెసులుబాటు ఉంటుంది. తమ్ముడూ, తెల్లవారుజామున 5:30కి వెళ్లేలా షెడ్యూల్ చెయ్యి. ఆదివారానిది మాత్రం 7 గంటలకు.