ప్రసరణ (గుండె, రక్తనాళాలు): కార్నెల్ నోట్స్

పదో తరగతి, జీవశాస్త్రం. ఈ పేజీలో మనిషి గుండె, రక్తనాళాలు మాత్రమే. రక్తం గడ్డకట్టడం, మొక్కల్లో ప్రసరణ వేరే పేజీలో.

| ప్రశ్నలు, గుర్తులు | నోట్స్ |
|---|---|
| రక్తం దారి చూడకుండా చెప్పు | శరీరం → మహాసిరలు → కుడి కర్ణిక → కుడి జఠరిక → పుపుస ధమని → ఊపిరితిత్తులు → పుపుస సిరలు → ఎడమ కర్ణిక → ఎడమ జఠరిక → బృహద్ధమని → శరీరం. బొమ్మ గీసేటప్పుడు బాణాలు తప్పక వేయాలి. |
| ధమనిలో ఎప్పుడూ ఆక్సిజన్ ఉన్న రక్తమేనా? | కాదు! గుండె నుంచి బయటికి తీసుకెళ్తే ధమని, గుండెకు తెస్తే సిర. పేరు దిశను బట్టి వచ్చింది. అందుకే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ, పుపుస సిరలో ఎక్కువ. ఒక మార్కు ప్రశ్నకు చాలా అనువైన చోటు ఇది. |
| ఎడమ జఠరిక గోడ ఎందుకు మందం? | కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు. ఎడమది తల నుంచి కాలి వేళ్ల దాకా పంపాలి. అంత పీడనం కావాలంటే కండరం బలంగా ఉండాలి. ధమనుల గోడలు మందంగా, సాగేలా ఉండటానికీ కారణం పీడనమే. |
| సిరల్లో కవాటాలు దేనికి? | ఇక్కడ పీడనం తక్కువ. కాళ్ల నుంచి రక్తం పైకి ఎక్కాలి, వెనక్కి జారకూడదు. కాలి కండరాలు నొక్కుతూ సాయం చేస్తాయి. |
| లబ్, డబ్ | లబ్: కర్ణికలకూ జఠరికలకూ మధ్య కవాటాలు మూసుకున్నప్పుడు. డబ్: ధమనుల మొదట్లో ఉన్న కవాటాలు మూసుకున్నప్పుడు. |
| 0.8 సె. | నిమిషానికి సుమారు 72 స్పందనలు. 60 సెకన్లను 72తో భాగిస్తే ఒక్కో స్పందనకు దాదాపు 0.8 సె. బట్టీ పట్టక్కర్లేదు. |
| 120/80 | రక్తపీడనం: జఠరికలు సంకోచించినప్పుడు 120, సడలినప్పుడు 80 మి.మీ. పాదరసం. |
| చేపకూ మనకూ తేడా? | చేప గుండెకు రెండు గదులు. ఒక చుట్టులో రక్తం ఒక్కసారే గుండెకు వస్తుంది: ఏక ప్రసరణ. మనకు రెండుసార్లు వస్తుంది: ద్వంద్వ ప్రసరణ. |
| హార్వే ఏం చూడలేకపోయాడు? | రక్తం చుట్టూ తిరుగుతుందని 1628లో రాశాడు. ధమనులను, సిరలను కలిపే దారి కనబడలేదు. ఆయన చనిపోయాక 1661లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో రక్తకేశనాళికలను సూక్ష్మదర్శినితో చూశాడు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. |

సారాంశం: గుండె పక్కపక్కన ఉన్న రెండు పంపులుగా పనిచేస్తుంది. కుడిది ఊపిరితిత్తులకు, ఎడమది శరీరానికి రక్తం పంపుతుంది. ధమనుల మందం, సిరల్లోని కవాటాలు, ఎడమ జఠరిక బలం, మూడూ పీడనంలో ఉన్న తేడా వల్లే. ధమని, సిర అన్న తేడా రక్తం వెళ్లే దిశను బట్టి, అందులోని ఆక్సిజన్‌ను బట్టి కాదు. రెంటినీ కలిపేది రక్తకేశనాళికలు. కణజాలాలకు ఆక్సిజన్, పోషకాలు అందేదీ, కార్బన్ డయాక్సైడ్ వెనక్కి చేరేదీ వాటి పలుచని గోడల గుండానే.